ఎనిమిదో తరగతి సైన్స్ ప్రాక్టికల్ వర్క్‌షీట్ (లోహాల స్థానభ్రంశ చర్య): టీచర్లు, పిల్లలు తరచుగా అడిగే ప్రశ్నలు

అసలు ఈ వర్క్‌షీట్‌లో ఏం చేస్తాం?

మూడు లోహాలు తీసుకుంటాం: జింక్, ఇనుము, రాగి. ఒక్కోదాన్నీ మిగతా రెండు లోహాల సల్ఫేట్ ద్రావణాల్లో వేసి ఏం జరుగుతుందో అరగంట చూస్తాం. అంటే మొత్తం ఆరు పరీక్షనాళికలు, వాటికి తోడు పోల్చుకోవడానికి ఇంకో రెండు. ఏ లోహం ఏ లోహాన్ని దాని ద్రావణంలోంచి బయటికి నెట్టగలదో చూసి మూడింటినీ చురుకుదనం ప్రకారం వరసలో పెట్టాలి. పాఠంలో దీన్నే స్థానభ్రంశ చర్య అంటారు.

నాళికల లిస్టు ఇది, నంబర్లు మార్చకండి ఎందుకంటే కింద జవాబులన్నీ ఈ నంబర్లతోనే ఉన్నాయి.

| నాళిక | ద్రావణం (10 మి.లీ.) | అందులో వేసేది |
|---|---|---|
| 1 | కాపర్ సల్ఫేట్ | జింక్ ముక్క |
| 2 | కాపర్ సల్ఫేట్ | ఇనుప మేకు |
| 3 | జింక్ సల్ఫేట్ | రాగి తీగ |
| 4 | జింక్ సల్ఫేట్ | ఇనుప మేకు |
| 5 | ఐరన్ సల్ఫేట్ | రాగి తీగ |
| 6 | ఐరన్ సల్ఫేట్ | జింక్ ముక్క |
| 7 | కాపర్ సల్ఫేట్ | ఏమీ వెయ్యం |
| 8 | మామూలు నీళ్లు | ఇనుప మేకు |

ద్రావణాలు ఎంత గాఢత ఉండాలి? చెంచాతో అందాజాగా వేసేస్తే సరిపోదా?

తూకం వేస్తేనే మంచిది. 100 మి.లీ. నీళ్లకి కాపర్ సల్ఫేట్ స్ఫటికాలు (మన మైలుతుత్తం) 2.5 గ్రాములు, జింక్ సల్ఫేట్ 2.9 గ్రాములు, ఐరన్ సల్ఫేట్ 2.8 గ్రాములు. ఈ లెక్కలు నీటి అణువులతో కలిసున్న మామూలు స్ఫటికాలకి. ఇలా కలిపితే మూడింటి గాఢత ఒకటే అవుతుంది, అప్పుడు ఒక నాళికని ఇంకోదానితో పోల్చడం న్యాయంగా ఉంటుంది. ఇంతకంటే చిక్కగా చేస్తే నీలం ఎక్కువై రంగు తగ్గడం అస్సలు కనపడదు, పైగా చివర్లో పారెయ్యాల్సిన రాగి కూడా పెరుగుతుంది.

డిస్టిల్డ్ వాటర్ ఉంటే అదే వాడండి, ఎందుకంటే కుళాయి నీళ్లలో ఖనిజాలు ఎక్కువుంటే కాపర్ సల్ఫేట్ లేత నీలం రంగు మడ్డిలా తిరిగిపోతుంది, అప్పుడు పిల్లలు ఆ మడ్డిని కూడా "చర్య జరిగింది" అని రాసేస్తారు. ఐరన్ సల్ఫేట్ మాత్రం క్లాసుకి కాస్త ముందే కలుపుకోండి. నిన్న కలిపి పెట్టింది ఇవాళ్టికి గాలి తగిలి పసుపు గోధుమ రంగుకి వచ్చేసి ఉంటుంది, అది వాడితే 5, 6 నాళికల్లో మొదలుపెట్టకముందే రంగు మారినట్టు ఉంటుంది.

ఇంకో ముఖ్యమైన విషయం, కాపర్ సల్ఫేట్‌ని స్టీలు గిన్నెలోనో అల్యూమినియం గిన్నెలోనో కలపకండి, ఇనుప చెంచాతో తిప్పకండి. గాజు బీకరు, గాజు కడ్డీ లేదా ప్లాస్టిక్ వాడండి. మనం చూడబోయే చర్య గిన్నెతోనే మొదలైపోతే ఇంక ప్రయోగం ఏముంది.

సేఫ్టీ నోట్ అంత పెద్దగా ఎందుకు? మంట లేదు, గాఢ ఆమ్లం లేదు కదా?

మంట లేదు కాబట్టే పిల్లలు తేలిగ్గా తీసుకుంటారు, నాకు భయం అక్కడే. కాపర్ సల్ఫేట్ చూడ్డానికి అందమైన నీలం రంగు, కానీ మింగితే విషం, కంట్లో పడితే కన్ను దెబ్బతినే ప్రమాదం నిజంగా ఉంది. జింక్ సల్ఫేట్ రంగు లేకుండా అచ్చం నీళ్లలా ఉంటుంది, దాంతో ఇంకో రకం ప్రమాదం, ఎవరైనా నీళ్లే అనుకుంటారు. అందుకే ప్రతి బీకరు మీదా, ప్రతి నాళిక మీదా ముందు లేబుల్ పడాలి, తర్వాతే ద్రావణం పోయాలి.

వర్క్‌షీట్‌లో సేఫ్టీ నోట్స్‌ని మొదటి పేజీలో ఒక డబ్బాలో పెట్టి వదిలెయ్యలేదు, ఏ స్టెప్ దగ్గర ప్రమాదం ఉందో ఆ స్టెప్ పక్కనే పెట్టాం. మొదట్లో పది నియమాలు చదివించేసి సంతకం పెట్టిస్తే పదిహేను నిమిషాల తర్వాత మేకు బయటికి తీసేటప్పుడు ఏ పిల్లాడికీ గుర్తుండవు. కాబట్టి "ద్రావణం పొయ్యండి" అన్న లైను పక్కన కళ్లద్దాలు (సేఫ్టీ గాగుల్స్) పెట్టుకున్నారా అని ఉంటుంది, "మేకుని గరుకు కాగితంతో రుద్దండి" పక్కన పొడి ఊదొద్దు, తడి గుడ్డతో తుడవండి అని ఉంటుంది, "దారం పట్టి పైకి తియ్యండి" పక్కన మొహం దగ్గరికి తీసుకెళ్లొద్దు, వేళ్లతో పట్టుకోవద్దు అని ఉంటుంది. పొడి మైలుతుత్తం తూయడం మాత్రం టీచరే చెయ్యాలి, పిల్లలకి కలిపిన ద్రావణమే ఇవ్వాలి.

ఒకవేళ కంట్లో పడితే, ఎవరైనా మింగితే వెంటనే ఏం చెయ్యాలి?

కంట్లో పడితే రెప్పలు తెరిచి పట్టుకుని ధారగా నీళ్లతో కనీసం 15 నిమిషాలు కడగాలి, తర్వాత మంట తగ్గిపోయిందని ఊరుకోకుండా డాక్టరుకి చూపించాలి. మింగితే నోరు పుక్కిలించి ఉమ్మించండి, బలవంతంగా వాంతి చేయించకండి, వెంటనే వైద్య సహాయానికి ఫోన్ చెయ్యండి, సీసా మీది లేబుల్ వెంట తీసుకెళ్లండి. చేతుల మీద పడితే సబ్బు, నీళ్లు చాలు. ఈ నాలుగు మాటలూ గోడ మీద పెద్ద అక్షరాలతో అంటించి ఉంచితే ఇంకా మంచిది, ఎందుకంటే అలాంటప్పుడు వర్క్‌షీట్ వెతుక్కునే టైం ఎవరికీ ఉండదు.

మేకుని రుద్దడానికి అంత టైం ఎందుకు పెట్టారు?

సగం ప్రయోగాలు చెడిపోయేది ఇక్కడే కాబట్టి. కొత్త మేకు మీద నూనె పొర ఉంటుంది, పాతదాని మీద తుప్పు ఉంటుంది, రెండూ ద్రావణాన్ని లోహం దాకా వెళ్లనివ్వవు. గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది, నీళ్లతో కడిగి, తుడిచి అప్పుడు వెయ్యాలి.

మేకు కంటే రాగి తీగ ఇంకా మోసం చేస్తుంది. పాత మోటార్లలోంచీ ట్రాన్స్‌ఫార్మర్లలోంచీ తీసిన తీగ మీద కంటికి కనపడని వార్నిష్ లాంటి పూత ఉంటుంది. అలాంటి తీగని 3, 5 నాళికల్లో వేస్తే "ఏ మార్పూ లేదు" అని వస్తుంది. జవాబు సరైందే, కానీ ఆ జవాబు రావడానికి కారణం రాగి కాదు, పూత. ఆ పూత ఉన్న తీగని దేంట్లో వేసినా అదే జవాబు వచ్చేది. మార్పు లేదు అనే ఫలితాన్ని నమ్మాలంటే అక్కడ నిజంగా లోహమే ద్రావణానికి తగిలిందని ముందు ఖాయం చేసుకోవాలి, అందుకే టేబుల్‌కి ముందు "లోహం రుద్దాం, మెరుస్తోంది" అనే చిన్న టిక్ గడి ఒకటి పెట్టాం, దాన్ని తీసెయ్యకండి.

మేకుకి దారం కట్టడం, సగమే ముంచడం ఎందుకు?

దారం ఉంటే చెయ్యి తడవకుండా పైకి తీసి చూడొచ్చు. సగమే ముంచితే పైన మునగని భాగం అలాగే ఉంటుంది, కింద మునిగిన భాగం మారుతుంది, రెండూ ఒకే మేకు మీద పక్కపక్కనే కనిపిస్తాయి కాబట్టి ముందు ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకోవాల్సిన పని లేదు.

పరిశీలన టేబుల్ ఎలా నింపాలి? ఒక శాంపిల్ చూపిస్తారా?

2వ నాళికకి నింపి చూపిస్తున్నా, మిగతావి పిల్లలే చెయ్యాలి.

| సమయం | లోహం ఎలా ఉంది | ద్రావణం ఎలా ఉంది (7వ నాళికతో పోల్చి) |
|---|---|---|
| వెయ్యకముందు | వెండి బూడిద రంగు, మెరుస్తోంది | నీలం, తేటగా ఉంది |
| 1 నిమిషం | మునిగిన చోట గులాబీ గోధుమ రంగు పలచని పూత | తేడా లేదు |
| 5 నిమిషాలు | పూత అంతటా వచ్చింది, పై సగం మామూలుగానే ఉంది | తేడా లేదు |
| 30 నిమిషాలు | ఎర్ర గోధుమ రంగు పూత, టిష్యూతో తుడిస్తే కొంత ఊడింది | కొంచెం లేతగా ఉందేమో, కచ్చితంగా చెప్పలేం |
| మర్నాడు | పూత మందంగా ఉంది, కొంత అడుగున పడింది | నీలం బాగా తగ్గింది, అడుగున గోధుమ రంగు మడ్డి |

చూడండి, ఇందులో "రాగి" అన్న మాట ఎక్కడా లేదు, "చర్య జరిగింది" అని కూడా లేదు. టేబుల్‌లో రంగు, మెరుపు, బుడగలు, మడ్డి, వేడి, ఊడటం, ఇలా కంటికీ చేతికీ తెలిసేవి మాత్రమే రాయాలి. ఆ గోధుమ రంగు పూత రాగి అని తేల్చడం ముగింపులో చెయ్యాల్సిన పని, దానికి కారణం చెప్పాలి. "కచ్చితంగా చెప్పలేం" అని రాసిన గడికి కూడా ఫుల్ మార్కులు ఇవ్వండి, అది నిజంగా చూసినవాళ్లే రాయగలిగే మాట.

పాఠంలో ద్రావణం ఆకుపచ్చగా మారుతుంది అని ఉంది, మాకు అరగంట తర్వాత కూడా నీలంగానే ఉంది. తప్పు చేశామా?

లేదు, ఇది అందరికీ వచ్చే సందేహమే, కాస్త లెక్క వేసి చూద్దాం.

10 మి.లీ. ద్రావణంలో 0.25 గ్రాముల కాపర్ సల్ఫేట్ ఉంది. అందులో అసలు రాగి దాదాపు 0.064 గ్రాములు. దాన్నంతా బయటికి పంపడానికి కావాల్సిన ఇనుము 0.056 గ్రాములు. మేకు బరువు 3 గ్రాములు అనుకుంటే కావాల్సినదానికి యాభై రెట్లకి పైనే ఉంది, అంటే ఇనుము చాలక ఆగట్లేదు. మరి ఎందుకు ఆలస్యం అంటే, మొదటి నిమిషంలో వచ్చిన రాగి పూత మేకునే కప్పేస్తుంది, ఆ పూత సందుల్లోంచి ద్రావణం లోపలికి వెళ్లి ఇనుముని తాకాలి, దాంతో చర్య నెమ్మదిస్తుంది. పైగా కదలకుండా ఉన్న నాళికలో దూరంగా ఉన్న రాగి మేకు దాకా రావడానికి కూడా టైం పడుతుంది. కాబట్టి అరగంటలో నీలం కొంచెం తగ్గితే అదే ఎక్కువ.

తర్వాత, ఆకుపచ్చ సంగతి. ఇంత పలచటి ఐరన్ సల్ఫేట్ రంగు చాలా చాలా లేత ఆకుపచ్చ, చిన్న నాళికలో దాదాపు నీళ్లలాగే ఉంటుంది, 5వ నాళిక పక్కన పెట్టి చూస్తే మీకే తెలుస్తుంది. మర్నాటికి గాలి తగిలి అది పసుపు గోధుమ వైపు తిరుగుతుంది. అంటే ఈ గాఢతలో మంచి ఆకుపచ్చ రంగు కనిపించే క్షణం ఉండకపోవచ్చు, "ఆకుపచ్చ" అని రాసిన నోట్‌బుక్ చూస్తే అది నాళికలోంచి వచ్చిందా పాఠంలోంచి వచ్చిందా అని అడగాల్సిందే.

ఒక్క పీరియడ్‌లోనే రంగు తగ్గడం చూపించాలంటే ఇంకో నాళికలో 2 మి.లీ. ద్రావణానికి 8 మి.లీ. నీళ్లు కలిపి మేకు బదులు చిన్న స్టీల్ ఊలు ముక్క (సబ్బు లేనిది) వెయ్యండి. తీగలు సన్నగా ఉండి తగిలే చోటు చాలా ఎక్కువ కాబట్టి రంగు త్వరగా పోతుంది, పక్కన అలాగే పలచన చేసిన ఖాళీ నాళిక ఒకటి పెట్టి వెనక తెల్ల కాగితం ఉంచితే తేడా బాగా తెలుస్తుంది.

1వ నాళికలో రాగి ఎర్రగా కాకుండా నల్లగా వచ్చింది, బుడగలు కూడా వచ్చాయి. ఏమైనా కల్తీనా?

కల్తీ కాదు. జింక్ దగ్గర చర్య చాలా వేగంగా జరుగుతుంది, రాగి అతి సన్నటి పొడిగా, బూజులాగా పేరుకుంటుంది, అంత సన్నగా ఉన్నప్పుడు వెలుగు లోపలే చిక్కుకుని నల్లగానో ముదురు గోధుమగానో కనిపిస్తుంది. ఆ పొడిని కాస్త తీసి కడిగి ఆరాక కాగితం మీద గాజు కడ్డీతో గట్టిగా రుద్దితే ఎర్రటి మెరుపు కనపడొచ్చు, ఇది టీచర్ గ్లౌజులు వేసుకుని చేసి చూపిస్తే బావుంటుంది. బుడగలు హైడ్రోజన్‌వి, కాపర్ సల్ఫేట్ ద్రావణానికి కొంచెం ఆమ్ల గుణం ఉంటుంది, రాగి పూత పడ్డ జింక్ దాంతో ఇంకా తేలిగ్గా చర్య జరుపుతుంది. వచ్చేది చాలా తక్కువే అయినా చుట్టుపక్కల మంట మాత్రం ఉండకూడదు.

పిల్లలు ఇక్కడ చేసే పని నాకు బాగా బాధ కలిగిస్తుంది, మొదట "నలుపు" అని సరిగ్గా రాసి, పక్కవాళ్ల పుస్తకం చూసో పాఠం చూసో కొట్టేసి "ఎరుపు గోధుమ" అని దిద్దుతారు. దయచేసి పెన్సిల్ ఇవ్వకండి, టేబుల్ పెన్‌తోనే నింపించండి, కొట్టేసినా కింద ఏముందో కనపడాలి. నలుపే సరైన పరిశీలన.

జింక్‌ని పొడి రూపంలో వాడొద్దని వర్క్‌షీట్‌లో ఉంది, అది కూడా ఇందుకే, పొడి అయితే చర్య ఒక్కసారిగా జరిగి ద్రావణం బాగా వేడెక్కుతుంది.

మా గ్రూపులో 2వ నాళికలో కూడా నల్ల పొడి, బుడగలు వచ్చాయి, మేకు గోధుమ రంగుకి రాలేదు. ఎందుకు?

మీ మేకుకి జింక్ పూత ఉంది, అంటే అది గాల్వనైజ్డ్ మేకు. తుప్పు పట్టకుండా అలా పూత వేసి అమ్ముతారు. మీరు 2వ నాళిక చేశామనుకుని నిజానికి 1వ నాళికనే రెండోసారి చేశారు. రెండు నాళికలూ ఒకేలా ప్రవర్తించడమే గుర్తు. అయస్కాంతం పెట్టి తేల్చడం కుదరదు, లోపల ఇనుమే కాబట్టి అతుక్కుంటుంది. పూత లేని మేకు తెచ్చి మళ్లీ చెయ్యండి, పాత టేబుల్ కొట్టెయ్యకుండా పక్కన "మేకుకి జింక్ పూత ఉంది అనుకుంటున్నాం, ఎందుకంటే..." అని రాయండి.

దీనికి ఉల్టాగా, అరగంటైనా మేకు మీద ఏమీ రాలేదంటే అది స్టెయిన్‌లెస్ స్టీలో, లేదా నూనె పొర సరిగ్గా పోలేదో.

7, 8 నాళికల్లో ఏమీ జరగదు కదా, అవి తీసేస్తే సామాను మిగులుతుంది కదా?

తీసెయ్యకండి. నీలం తగ్గిందా లేదా అనేది మనం గుర్తు మీద చెప్పలేం, పక్కన అదే రోజు అదే సీసాలోంచి పోసిన నీలం ఉండాలి, అది 7. ఇక 8 ఎందుకంటే, మర్నాడు 2వ నాళికలో గోధుమ రంగు మడ్డి ఉంటుంది, అది రాగా తుప్పా అని ఎవరో ఒకరు అడుగుతారు, అడగాలి కూడా. మామూలు నీళ్లలో మేకు మొదటి నిమిషంలో మారలేదు, మర్నాటికి పసుపు గోధుమ రంగు తుప్పు వచ్చింది. అంటే 2వ నాళికలో నిమిషంలోనే వచ్చిన గులాబీ గోధుమ పూత తుప్పు కాదు, కానీ మర్నాటి మడ్డిలో తుప్పు లాంటిది కూడా కలిసుండొచ్చు. ఇంత స్పష్టంగా మాట్లాడగలుగుతున్నాం అంటే 8వ నాళిక వల్లే.

మేకు బరువు ముందూ తర్వాతా తూస్తే చర్య జరిగిందని రుజువు అవుతుంది కదా, ఆ కాలమ్ ఎందుకు పెట్టలేదు?

పైన వేసిన లెక్కే మళ్లీ చూడండి. రాగి మొత్తం మేకు మీదే అతుక్కుంది అనుకున్నా వచ్చేది 0.064, పోయేది 0.056, తేడా 0.008 గ్రాములు. స్కూలు తూకం 0.1 గ్రాము వరకే చూపిస్తే ఈ తేడా దానికి కనపడనే కనపడదు. పైగా పూత ఊడిపోతుంది, మేకు తడిగా ఉంటుంది, ఒక్క నీటి చుక్క బరువే దీనికంటే ఎక్కువ. కాలమ్ పెడితే పిల్లలు అందులో ఏదో ఒక అంకె రాస్తారు, దానికి అర్థం ఉండదు.

ముగింపు ప్రశ్నలు ఎలా ఉన్నాయి? ఖాళీలు పూరించడం పెడితే పిల్లలకి తేలిక కదా?

"ఇనుము ____ కంటే చురుకైనది" అని ఖాళీ ఇస్తే ప్రయోగం చెయ్యకుండానే నింపేయొచ్చు. అందుకే ఈ ప్రశ్నలు టేబుల్ వైపు వెనక్కి పంపేలా రాశాం:

- ఏ నాళికల్లో మార్పు చూశారు? నంబరూ, మార్పు మొదట కనిపించిన సమయమూ రాయండి.
- 2వ నాళికలో మేకు మీది పూత ఎక్కడ్నుంచి వచ్చి ఉండాలి? టేబుల్‌లో ఏ గడులు చూసి అలా అంటున్నారు?
- 1, 2 నాళికలు మాత్రమే చేసి ఉంటే జింక్, ఇనుము రెండింట్లో ఏది ఎక్కువ చురుకైందో చెప్పగలిగేవారా?
- మూడు లోహాలనీ వరసలో పెట్టండి, ఒక్కో జతకీ ఏ నాళిక ఆధారమో పక్కన రాయండి.
- మీరు అనుకున్నట్టు రాని గడి ఏదైనా ఉందా? దానికి కారణం ఏమై ఉండొచ్చు, దాన్ని ఎలా పరీక్షిస్తారు?

ఆ మూడో ప్రశ్నకి జవాబు ఏంటి? మా పిల్లలందరూ "చెప్పగలం, జింక్" అని రాశారు.

జింక్ అన్నది నిజమే కానీ 1, 2 నాళికల నుంచి ఆ మాట రాదు, అందుకే ఆ ప్రశ్న ఉంది. 1లో జింక్ రాగిని నెట్టింది, 2లో ఇనుము రాగిని నెట్టింది. అంటే రెండూ రాగి కంటే చురుకైనవి, అంతే. ఇద్దరు కుస్తీ వీరులు మూడోవాణ్ణి వేరువేరుగా ఓడిస్తే ఆ ఇద్దరిలో ఎవరు గొప్పో తెలియనట్టే ఇక్కడ కూడా, జింక్, ఇనుము ఎదురెదురుగా పడితేనే తెలుస్తుంది. ఆ పోటీ 4, 6 నాళికల్లో జరుగుతుంది. 4లో జింక్ సల్ఫేట్‌లో ఇనుప మేకు మారలేదు. 6లో ఐరన్ సల్ఫేట్‌లో జింక్ మీద మెరుపు పోయి ముదురు రంగు పొర మెల్లగా వస్తుంది. ఈ రెండూ కలిపితే జింక్ ఇనుము కంటే పైన అని తేలుతుంది.

పిల్లలు చెప్పే కారణం ఎక్కువగా "1లో తొందరగా జరిగింది కాబట్టి" అని ఉంటుంది. దాన్ని ఎగతాళి చెయ్యకుండా వాళ్లనే అడగండి, జింక్ ముక్క వెడల్పుగా ఉంది, మేకు సన్నగా ఉంది, రెండిట్లో ద్రావణానికి తగిలే చోటు సమానమేనా అని. స్టీల్ ఊలు వేసిన నాళిక చేసి ఉంటే ఇంకా బాగా అర్థమవుతుంది, ఇనుమే, కానీ రూపం మారేసరికి వేగం మారిపోయింది. వేగం చూసి వరస పెట్టకూడదు.

6వ నాళిక మిగతావాటిలా రంగులతో ఆకట్టుకోదు, పొర పలచగా ఉంటుంది, కొన్ని బుడగలు రావొచ్చు, కొన్ని గ్రూపులు "మార్పు లేదు" అని కూడా రాస్తారు. అలా రాస్తే జింక్ ముక్క బయటికి తీసి మునగని సగంతో పోల్చి చూడమనండి, అప్పుడు కూడా తేడా కనపడకపోతే అదే రాయనివ్వండి, 4వ నాళిక ఒక్కదానితో కూడా "ఇనుము జింక్‌ని నెట్టలేకపోయింది" అని చెప్పొచ్చు.

సమీకరణం రాయించాలా?

మాటల్లో చాలు: ఇనుము + కాపర్ సల్ఫేట్ → ఐరన్ సల్ఫేట్ + రాగి. రాయగలిగిన వాళ్లు Fe + CuSO4 → FeSO4 + Cu అని రాస్తారు. మార్పు లేని నాళికకి సమీకరణం రాయకూడదు, ఇది మాత్రం గట్టిగా చెప్పండి.

అల్యూమినియం కూడా పెడదామనుకున్నాం, అది జింక్ కంటే చురుకైందని విన్నాం, కానీ కాపర్ సల్ఫేట్‌లో రేకు వేస్తే ఏమీ జరగలేదు?

అల్యూమినియం మీద గాలి తగలగానే గట్టి ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది, రుద్దినా వెంటనే మళ్లీ వస్తుంది, ఆ పొరే అడ్డం. ద్రావణంలో చిటికెడు మామూలు ఉప్పు కలిపితే క్లోరైడ్ ఆ పొరని దెబ్బతీస్తుంది, చర్య మొదలై కాసేపట్లోనే వేగం అందుకుంటుంది, వేడి, బుడగలు కూడా వస్తాయి. అందుకే దీన్ని పిల్లలతో చేయించకండి, చిన్న రేకు ముక్కతో పలచటి ద్రావణంలో టీచరే చూపించాలి. వరస పెట్టే టేబుల్‌లోకి దీన్ని తేవొద్దు, ఉప్పు ఒక్క నాళికలోనే వేసి మిగతావాటితో పోల్చడం కుదరదు.

అయిపోయాక ద్రావణాలు సింకులో పోసెయ్యొచ్చా?

వద్దు. నీళ్లలో కరిగిన రాగి చేపలకీ ఇతర నీటి జీవులకీ చాలా తక్కువ మోతాదులో కూడా విషమే. మొక్కలకి పొయ్యడం కూడా వద్దు.

3, 4 నాళికల్లో జింక్ సల్ఫేట్ మారలేదు కాబట్టి దాన్ని వడకట్టి లేబుల్ వేసిన సీసాలో పోసి తర్వాతి సెక్షన్‌కి వాడుకోవచ్చు. 7వ నాళికలో కాపర్ సల్ఫేట్ కూడా అంతే. 1, 2, 5, 6 నాళికల్లోవి "రాగి, జింక్, ఇనుము లవణాల వ్యర్థం" అని రాసిన ప్లాస్టిక్ డబ్బాలో పోసి అందులో సబ్బు లేని స్టీల్ ఊలు వెయ్యండి, ఒకట్రెండు రోజులు మూత వదులుగా పెట్టి ఉంచండి. పిల్లలు క్లాసులో చూసిన చర్యే డబ్బాలో జరిగి రాగి గట్టిగా బయటికి వచ్చేస్తుంది. నీలం పోయింది అని కంటితో చూసి ఊరుకోకుండా, రుద్దిన కొత్త మేకు ఒకటి పది నిమిషాలు ముంచండి, గోధుమ రంగు పూత రాకపోతే రాగి దాదాపు అయిపోయినట్టే. వడకట్టిన గట్టి పదార్థాన్ని ఆరబెట్టి విడిగా ఉంచండి.

కానీ ఆ నీళ్లలో జింక్ ఇంకా ఉంటుంది, ఇనుము జింక్‌ని నెట్టలేదని 4వ నాళికలోనే చూశాం కదా, అందుకని ఆ నీళ్లని కూడా సింకులోకి కాకుండా స్కూలు రసాయన వ్యర్థాల డబ్బాలోకే పంపాలి. నాళికలు కడిగిన మొదటి నీళ్లూ అందులోకే. చేతులు సబ్బుతో కడుక్కున్నాకే కళ్లద్దాలు తీసెయ్యాలి, పిల్లలు దీన్ని తిరగేసి చేస్తారు, ముందు అద్దాలు తీసి అదే చేత్తో కళ్లు నులుముకుంటారు, చివరి అయిదు నిమిషాలు టీచర్ సింకు దగ్గరే నిలబడి చూడండి.